సబ్‌టైటిల్స్ వేసినా ఏసీ సర్వీసు యాడ్‌ని ఎవరూ ఎందుకు ఆగి చూడట్లేదు

ప్రశ్న: "వైజాగ్‌లో మాది ఏసీ సర్వీసు షాపు సార్. ఇన్‌స్టాలో, ఫేస్‌బుక్‌లో రీల్స్ యాడ్ వేశాం. 40 సెకన్ల వీడియో, మా అన్నయ్య కెమెరా ముందు నిలబడి మాట్లాడాడు. బస్సుల్లో, ఆఫీసుల్లో సౌండు లేకుండా చూస్తారని విని, మాట్లాడిందంతా కింద సబ్‌టైటిల్స్‌గా కూడా వేయించాం. అయినా మూడు సెకన్లు దాటి ఎవరూ ఉండట్లేదు. సబ్‌టైటిల్స్ పెట్టాక కూడా ఎందుకిలా?"

జవాబు:

ముందు ఒక చిన్న పని చేయండి. మీ యాడ్‌ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కాకుండా ఫోన్‌లో, రీల్స్‌లో వచ్చే రూపంలోనే చూడండి. యాడ్స్ మేనేజర్‌లో ప్రివ్యూ ఉంటుంది. సబ్‌టైటిల్స్ "కింద" వేయించామన్నారు కదా, నా అనుమానం మొదట అక్కడికే వెళ్ళింది. రీల్స్‌లో తెర అడుగు భాగమంతా ఇన్‌స్టా తన సామాను పెట్టుకుంటుంది. మీ పేజీ పేరు, మీరు రాసిన వివరణ, వాట్సాప్ బటన్ అన్నీ అక్కడే వస్తాయి. నిలువు వీడియో 1080 వెడల్పు, 1920 ఎత్తు అనుకుంటే అడుగున దాదాపు 35 శాతం, పైన 14 శాతం, రెండు పక్కలా ఆరేసి శాతం ఖాళీగా వదలమని మెటా వాళ్ళే చెబుతారు. అంటే అడుగున సుమారు 670 పిక్సెల్స్ మనవి కావు. టీవీ, సినిమా అలవాటుతో అట్టడుగున వేసిన సబ్‌టైటిల్ బటన్ వెనక్కి పోయి ఉంటుంది. మీ అన్నయ్య పెదాలు కదులుతుంటాయి, మాట వినపడదు, రాసింది కనపడదు.

అది సరిచేసుకోవడం సులువే, అరగంట పని. కానీ అక్షరాలు పైకి జరిపితే మీ కష్టం తీరిపోతుందని మాత్రం చెప్పను. అసలు చిక్కు వేరే ఉంది. వినడానికి తీసిన వీడియోకి మీరు అక్షరాలు తగిలించారు. సౌండు తీసేశాక మీ వీడియోలో మిగిలేది గోడ ముందు నిలబడి మాట్లాడుతున్న ఒక మనిషి. ఆ బొమ్మ ఏసీ షాపుదీ కావచ్చు, రియల్ ఎస్టేట్‌దీ కావచ్చు, కోచింగ్ సెంటర్‌దీ కావచ్చు. బొమ్మ చూడగానే ఇది నా ఇంటి సంగతి అని తెలియకపోతే, కింద ఎంత చక్కగా రాసినా దాన్ని చదివేదాకా ఎవరూ ఆగరు.

ఇది కొత్తగా బయటపడిందేమీ కాదు. 2016లోనే ఫేస్‌బుక్ తన యాడ్లని పరిశీలించి, అందులో 41 శాతం వీడియోలు సౌండు లేకపోతే అర్థమే కావని చెప్పింది. క్యాప్షన్లు పెడితే చూసే సమయం సగటున 12 శాతం పెరిగిందని కూడా అప్పుడే చెప్పింది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. క్యాప్షన్ వల్ల లాభం ఉంది, కానీ అది పన్నెండు శాతం లాభం. మూడో సెకనుకి వెళ్ళిపోయే మనిషిని క్యాప్షన్ ఒక్కటే పట్టి ఆపలేదు. 2019లో అమెరికాలో వెరైజన్ మీడియా, పబ్లిసిస్ కలిసి చేసిన సర్వేలో, జనం మధ్య ఉన్నప్పుడు సౌండు ఆపేసి చూస్తామని 69 శాతం మంది చెప్పారు. మన దగ్గర గాజువాక బస్సులో స్పీకర్ మీదే పాటలు పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు కాబట్టి ఆ అంకెని యథాతథంగా వైజాగ్‌కి అన్వయించను. కానీ కేజీహెచ్‌లో ఓపీ చీటీ కోసం కూర్చున్న మనిషి, మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడ్డ ఉద్యోగి, స్టీల్ ప్లాంట్ షిఫ్టు బస్సులో పక్కవాళ్ళు నిద్రపోతుంటే ఫోన్ చూసుకునే కార్మికుడు, వీళ్ళకి మీ యాడ్ మాటలు వినపడవనే లెక్క వేసుకుని తీయాలి. అలాంటి మనిషి ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలితో తెర జరుపుతుంటాడు. మధ్యలో స్టాపు వచ్చిందేమోనని తల ఎత్తుతాడు, మళ్ళీ దించుతాడు. ఆ దించిన క్షణంలో తెర మీద ఏముందో అదే మీ యాడ్.

అందుకే నేను వీడియో తీసే వరుసనే తిరగేస్తాను. ముందు మాటలు రాసుకుని తర్వాత బొమ్మలు వెతకను. ముందు అక్షరాలూ మాటలూ ఏవీ లేకుండా బొమ్మలతో కథ నడుస్తుందా అని చూస్తాను. బొమ్మ చెప్పలేనిది ఏమైనా మిగిలితే అదొక్కటే అక్షరాల్లో రాస్తాను. ధర, ఏరియా, ఎన్ని గంటల్లో వస్తారు, ఇలాంటివి బొమ్మ చెప్పలేదు. ఏసీ మురికి పట్టిందన్నది బొమ్మ చెబుతుంది, దాన్ని మళ్ళీ రాయక్కర్లేదు.

మీ పనికి ఈ ఊరు పెద్ద వరం ఇచ్చింది. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, సాగర్‌నగర్, ఋషికొండ వైపు బాల్కనీలో పెట్టిన అవుట్‌డోర్ యూనిట్లని మీరు రోజూ చూస్తుంటారు. ఉప్పుగాలికి వెనకాల అల్యూమినియం రేకులు తెల్లగా పొడి బారిపోయి ఉంటాయి. రాగి గొట్టం, అల్యూమినియం రేకు ఒకదానికొకటి ఆనుకున్న చోట ఉప్పు తడి చేరితే ముందు తినుకుపోయేది అల్యూమినియమే. వేలితో ఇలా రాస్తే ఆ రేకు పొడి పొడిగా రాలి వేలికంటుకుంటుంది. ఇది మీకు మామూలు సంగతి. ఆ బాల్కనీ ఇంటావిడకి మాత్రం కాదు, ఆవిడ దాన్ని ఎప్పుడూ దగ్గరగా చూసి ఉండదు. మీ యాడ్ మొదటి బొమ్మ అదే కావాలి.

ఇప్పుడు షాటు షాటుగా చెబుతాను. మొత్తం ఇరవై సెకన్లు చాలు.

మొదటి రెండు సెకన్లు: అవుట్‌డోర్ యూనిట్ వెనక భాగం తెర నిండా, వెనకాల మసకగా సముద్రం. ఒక వేలు రేకుల మీద పైనుంచి కిందికి రాస్తుంది, తెల్లపొడి రాలుతుంది. వేలు కెమెరా వైపు తిరుగుతుంది. లోగో తిరుగుతూ రావడాలు, "నమస్కారమండీ" అనడాలు ఇక్కడ వద్దు. వేలు అప్పటికే కదులుతుండగా వీడియో మొదలవ్వాలి. దాని మీద మూడే మాటలు: "మీ బాల్కనీ ఏసీ?" ఆ ప్రశ్న గుర్తు చూడగానే ఆవిడకి తన బాల్కనీ గుర్తొస్తుంది. "సముద్రపు గాలి వల్ల ఏసీలు పాడవుతాయి" అని రాస్తే అది పాఠంలా ఉంటుంది, పైగా చదవడానికి రెండు సెకన్లు చాలవు.

తర్వాత మూడు సెకన్లు: లోపల గదిలో, ఇండోర్ యూనిట్ గాలి వచ్చే చోట డిజిటల్ థర్మామీటర్. తెర మీద 24 కనపడుతుంది. పక్కన అక్షరాలు: "గది 30. ఏసీ గాలి 24." అంతే. బాగా పనిచేసే స్ప్లిట్ ఏసీ లోపలికి లాక్కునే గాలికీ బయటికి వదిలే గాలికీ మామూలుగా 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటుంది. మన ఉక్కపోత రోజుల్లో కాస్త తగ్గొచ్చు. ఆరు డిగ్రీలే ఉందంటే ఏసీ కష్టపడుతోందని మీకు తెలుసు. చూసేవాళ్ళకి ఈ లెక్క అక్కర్లేదు. ఆ అంకె తర్వాత మారుతుందని ఊహిస్తారు, దానికోసం ఉంటారు. ఏసీ పాడైందని సౌండుతో చెప్పాలంటే గుర్రుమనే చప్పుడు చాలేది. సౌండు లేని చోట ఆ పని అంకె చేస్తుంది. చప్పుడునే చూపించాలనుకుంటే యూనిట్ మీద గ్లాసులో నీళ్ళు పెట్టి వణుకు తీయొచ్చు, కానీ నాకు అంకె మీదే ఎక్కువ నమ్మకం, ఎందుకంటే అది మళ్ళీ వచ్చి జవాబు చెబుతుంది.

ఆ తర్వాత ఆరు సెకన్లు కడగడం. ఇండోర్ యూనిట్ కింద కట్టే ప్లాస్టిక్ కవరులోంచి నల్లటి నీళ్ళు బకెట్‌లోకి దిగుతుంటాయి. ఇక్కడ ఒక్క అక్షరం కూడా వేయకండి. బొమ్మ బలంగా ఉన్నచోట అక్షరాలు వేస్తే కన్ను వాటి మీదికి పోయి, నీళ్ళు చూడటం మానేస్తుంది. ఆ కవరు మీద మీ షాపు పేరు పెద్దగా అచ్చు వేయించుకోండి. యాడ్ మధ్యలో మీ పేరు ఎవరూ చెప్పకుండానే ఆరు సెకన్లు కనపడుతుంది. అవుట్‌డోర్ యూనిట్ కడిగేది కూడా చూపిస్తే, నీళ్ళ ధార రేకులకి నిటారుగా కొట్టేలా చూసుకోండి. ఏటవాలుగా కొట్టి రేకులు వంగిపోతున్నది కనపడితే, తెలిసినవాళ్ళు కామెంట్లలో ఆ సంగతే పట్టుకుంటారు, అది న్యాయమే.

తర్వాత మూడు సెకన్లు మళ్ళీ అదే థర్మామీటర్, అదే చోట, అదే కోణం. ఇప్పుడు 19. అక్షరాలు: "అదే గది. ఇప్పుడు 19." ఈ అంకెలు నేను ఉదాహరణకి చెప్పాను, మీరు నిజంగా కొలిచిందే వేయండి. రెండుసార్లూ కంప్రెసర్ ఆన్ అయ్యి పావుగంట నడిచాకే కొలవండి, రిమోట్‌లో సెట్టింగ్ మార్చకండి. గ్యాస్ లీకైన ఏసీకి కడిగినా ఈ మార్పు రాదు, రేకులు పూర్తిగా తినుకుపోయినా రాదు. అందుకని "కొత్తదానిలా అయిపోతుంది" లాంటి మాటలు యాడ్‌లో ఎక్కడా పెట్టొద్దు. ఉప్పుగాలికి పోయిన రేకు కడిగితే తిరిగి రాదని మీకంటే బాగా ఎవరికి తెలుసు?

చివరి ఆరు సెకన్లలోనే బొమ్మ చెప్పలేనివి రాయాలి. మీ మెకానిక్ షూ విప్పి గుమ్మం దగ్గర పెట్టి లోపలికి వస్తున్న షాటు బావుంటుంది. ఇంట్లోకి కొత్త మనిషిని రానిచ్చే ఆడవాళ్ళకి అది చాలా చెబుతుంది. దాని మీద వరసగా మూడు కార్డులు, ఒక్కోటి రెండేసి సెకన్లు: సర్వీసు ధర, ఏ ఏరియాలకి వస్తారు, "వాట్సాప్‌లో అడగండి". ఫోన్ నంబరు పది అంకెలు వేయడం దండగ. బస్సులో ఎవరూ రాసుకోరు, కింద బటన్ ఉంది కదా.

కార్డు తెర మీద ఎంతసేపు ఉండాలో తేల్చడానికి నేను చూసేది ఒక్కటే. దాన్ని తీరిగ్గా పైకి రెండుసార్లు చదవగలిగినంతసేపు ఉంచండి. మనం రాసిన వాక్యం మనకి ఒక్క చూపులో అందుతుంది, కొత్తవాళ్ళకి అందదు. పైగా తెలుగు మాటలు పొడవు. "చేయించుకోకపోయినట్లయితే" అన్నది ఒక్క మాటే అయినా తెర సగం ఆక్రమిస్తుంది. అందుకని కార్డుకి మూడు నాలుగు మాటలు, లైనుకి పన్నెండు పదిహేను అక్షరాలు, రెండు లైన్లు మించకుండా రాయండి. మీ అన్నయ్య మాట్లాడే వేగానికి పరిగెత్తే సబ్‌టైటిల్ దీనికి పూర్తిగా ఉల్టా.

అక్షరాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగు యాడ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మన వత్తులు లైను కిందికి దిగుతాయి, గుడులు పైకి పోతాయి. ఇంగ్లీషు అక్షరాల కొలతకి తయారైన నల్లపట్టీ మీద తెలుగు వేస్తే "సర్వీస్"లో వత్తు పట్టీ బయటికి వేలాడుతుంది, లేదా కోసుకుపోతుంది. పట్టీ ఎత్తు పెంచండి, రెండు లైన్ల మధ్య ఎడం పెంచండి. మరీ లావు ఫాంట్ తీసుకుంటే చిన్న సైజులో అక్షరాల లోపలి గుండ్రాలు పూడుకుపోయి, దగ్గర పోలికున్న అక్షరాలు ఒకేలా కనపడతాయి. రామభద్ర లాంటి లావు ఫాంట్లు రెండు మాటల శీర్షికకి బావుంటాయి. మిగతా కార్డులకి నోటో సాన్స్ తెలుగులో మీడియం బరువు సరిపోతుంది. 1080 వెడల్పు వీడియోలో సైజు 64కి తగ్గించకండి.

ఎడిటింగ్ చేసేవాళ్ళు ప్రీమియర్ ప్రో వాడుతుంటే, వత్తులు విడిపోయి పక్కన పొల్లుతో కనపడటం మీరు చూసే ఉంటారు. అది ఫాంట్ తప్పు కాదు, సెట్టింగ్ తప్పు. Preferences లో Graphics కి వెళ్ళి టెక్స్ట్ ఇంజిన్‌ని South Asian and Middle Eastern కి మార్చి, ప్రాజెక్టు మళ్ళీ తెరిస్తే సరిపోతుంది. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన మేటర్ తెచ్చి నేరుగా పేస్టు చేస్తే మాత్రం అది చెత్తగానే వస్తుంది, యూనికోడ్‌లో మళ్ళీ కొట్టుకోవాలి. ఎక్స్‌పోర్ట్ చేసే ముందు "శుభ్రం", "సర్వీస్", "విశాఖ" మూడూ తెర మీద సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. ఒక తప్పు అక్షరం చూస్తే షాపు మీదే నమ్మకం పోతుంది.

అలాగే రంగు. మీ మొదటి షాటులో వెనకాల సముద్రం, ఆకాశం ఉన్నాయి కదా, దాని మీద తెల్లక్షరాలు ఆఫీసు గదిలో బావుంటాయి. ఆర్కే బీచ్ దగ్గర మధ్యాహ్నం బయట నిలబడి చూస్తే ఒక్కటీ కనపడదు. తెల్లక్షరాల వెనక నల్లపట్టీ, చీకటి శాతం 65 నుంచి 70 దాకా పెట్టండి. ఫోన్ వెలుతురు సగానికి తగ్గించి ఎండలోకి వెళ్ళి చదవండి, అక్కడ చదవగలిగితే ఎక్కడైనా చదవగలరు.

ఇక ఇది పనిచేస్తోందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? డబ్బు పెట్టకముందే ఒక పరీక్ష ఉంది. మీ పని గురించి తెలియని ముగ్గురికి, సౌండు పూర్తిగా ఆపేసి, ఒక్కసారి చూపించండి. ఏం అమ్ముతున్నారు, ఎవరు, నేనేం చేయాలి, ఈ మూడు అడగండి. "ఏసీ కడుగుతారు, ఫలానా షాపు, వాట్సాప్ చేయాలి" అని రాకపోతే వీడియో ఇంకా తయారు కాలేదన్నమాట. ఇంట్లోవాళ్ళని అడక్కండి, వాళ్ళకి ముందే తెలుసు.

డబ్బు పెట్టాక చూడాల్సిన మొదటి అంకె, యాడ్ కనపడిన ప్రతి వందసార్లలో ఎన్నిసార్లు మూడు సెకన్లు దాటారు అన్నది. అది తక్కువైతే తప్పు మొదటి బొమ్మలో ఉంది, మిగతా వీడియో జోలికి పోకండి. మొదట్లో బాగానే ఉండి నీళ్ళు కారే చోట పడిపోతే ఆ షాటు పొడవైందని అర్థం, రెండు సెకన్లు కోయండి. చివరిదాకా చూస్తున్నా వాట్సాప్ రాకపోతే ధర కార్డో, ఏరియా కార్డో సరిగ్గా చదవట్లేదు, లేదా ధరే నచ్చలేదు. ఈ మూడింటినీ కలిపేసి "వీడియో బాలేదు" అనుకుంటే ఏది మార్చాలో తెలియదు.

రెండు వెర్షన్లు పోల్చాలంటే మొదటి రెండు సెకన్లు మాత్రమే మార్చి, మిగతాదంతా ఒకేలా ఉంచి, యాడ్స్ మేనేజర్‌లోని ఏ/బీ టెస్టుతో నడపండి. మీకైతే రెండో మొదలు కూడా సిద్ధంగా ఉంది. పోర్టు పక్కన జ్ఞానాపురం, వన్‌టౌన్ వైపు ఇళ్ళకి ఉప్పుకంటే నల్లదుమ్ము బాధ ఎక్కువ. అక్కడివాళ్ళకి బాల్కనీలో సముద్రం చూపిస్తే అది తమ ఇల్లు కాదని జరిపేస్తారు. వాళ్ళకి ఫిల్టర్ మీద తెల్లగుడ్డతో ఒక్క తుడుపు తుడిచి, నల్లబడ్డ గుడ్డ చూపించండి. యాడ్ ఏ ఏరియాలో కనపడాలో మ్యాపు మీద పిన్ పెట్టి, చుట్టూ ఇన్ని కిలోమీటర్లని ఎంచుకోవచ్చు కాబట్టి ఏ వీడియో ఎటు పంపాలో మీ చేతిలోనే ఉంది. అయితే తక్కువ బడ్జెట్‌లో చిన్న తేడాలని నమ్మొద్దు. వెయ్యిసార్లు కనపడితే ఒకదానికి 250 మంది, ఇంకోదానికి 270 మంది ఆగారంటే ఏదీ గెలిచినట్టు కాదు. ఇంకొన్నాళ్ళు నడవనివ్వండి.

సౌండు అక్కర్లేదని నేను అనట్లేదు. రీల్స్‌ని సౌండుతో చూసేవాళ్ళు కూడా బోలెడుమంది. నీళ్ళ ధార చప్పుడు, కవరులోంచి బకెట్‌లో పడే చప్పుడు అసలువే ఉంచండి, చివరి కార్డుల మీద మీ అన్నయ్య గొంతు రెండు వాక్యాలు రానివ్వండి. ఆ గొంతు వినపడకపోయినా కథ పోకూడదు, అంతే. గొంతు పెట్టినచోట వినికిడి లేనివాళ్ళ కోసం విడిగా క్యాప్షన్ ఫైలు కూడా ఎక్కించండి. ఫేస్‌బుక్‌కి తెలుగు ఫైలు పేరు ఈ పద్ధతిలో ఉండాలి:

```
ac_service.te_IN.srt
```

ఇక ఆ 40 సెకన్ల పాత వీడియోని పారేయకండి. యాడ్ చూసి వాట్సాప్‌లో "రేటెంతండీ" అని అడిగినవాళ్ళు ఇంటికొచ్చే మనిషి ఎవరో తెలుసుకోవాలనుకుంటారు. ధరతో పాటు ఆ వీడియో పంపండి. అప్పటికి వాళ్ళకి అవసరం ఉంది కాబట్టి ఇంటికెళ్ళాక సౌండు పెట్టుకుని, మీ అన్నయ్య చెప్పేది మొత్తం వింటారు.